లండన్ ఖజానాలో బంగారం తగ్గిన ఏడాది

2012 డిసెంబరు 7న లండన్‌లోని హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు ఖజానాలో ఒకే ఒక్క ఫండ్ పేరు మీద 1,353 టన్నుల బంగారం ఉంది. ఒక్కొక్కటి పన్నెండున్నర కిలోల దాకా తూగే కడ్డీలు, లక్షకు పైనే. ఏడాది తిరిగి 2013 ముగిసేసరికి ఆ ఫండ్ దగ్గర 798 టన్నులే మిగిలాయి. 555 టన్నులు వెళ్లిపోయాయి. ఆ రోజుల్లో మన రిజర్వ్ బ్యాంకు దగ్గరున్న మొత్తం బంగారం 557 టన్నులు. ఇంచుమించు ఒక దేశపు నిల్వంత బంగారం పదమూడు నెలలు నిండకుండానే ఒక ఫండ్ తలుపు దాటి బయటికి నడిచిందన్నమాట.

అక్కడ దొంగతనమేమీ జరగలేదు. ఎవరూ దాచిపెట్టనూ లేదు. తగ్గిన ప్రతి టన్నూ ఏ రోజుకా రోజు ఆ ఫండ్ వెబ్‌సైట్‌లో కనబడుతూనే ఉంది. ఆ ఫండ్ పేరు ఎస్‌పీడీఆర్ గోల్డ్ షేర్స్. అమెరికా షేర్ మార్కెట్లో దాని గుర్తు జీఎల్‌డీ. ప్రపంచంలో ఇదే అతి పెద్ద బంగారం ఈటీఎఫ్. టీవీలో బంగారం ధర గురించి మాట్లాడేవాళ్లు 'ఈటీఎఫ్ నిల్వలు పెరిగాయి', 'తగ్గాయి' అనడం మనం తరచూ వింటుంటాం. ఆ నిల్వలు ఎందుకు పెరుగుతాయో, ఎందుకు తగ్గుతాయో తెలిస్తే ఆ మాటలో ఎంత నిజముందో మనమే తేల్చుకోవచ్చు. అందుకు 2013ను మించిన పాఠం లేదు.

కాగితం వెనక కడ్డీ

జీఎల్‌డీ 2004 నవంబరు 18న న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో మొదలైంది. దాన్ని తెచ్చింది గనుల కంపెనీల సంఘమైన వరల్డ్ గోల్డ్ కౌన్సిల్. ఏర్పాటు చాలా సాదాగా ఉంటుంది. ఒక ట్రస్టు పెట్టారు. ఆ ట్రస్టు బంగారం తప్ప మరేదీ కొనదు. ఆ బంగారంలో వాటాలను షేర్లుగా అమ్ముతుంది. మొదలైన రోజున ఒక్కో షేరుకు ఔన్సులో పదో వంతు బంగారం. ఇక్కడ ఔన్సంటే 31.1 గ్రాములు కాబట్టి షేరుకు మూడు గ్రాముల పైచిలుకు.

ట్రస్టుకు చెందిన కడ్డీలను బ్యాంకు తన సొంత బంగారంతో కలపకుండా విడిగా ఉంచాలి. ప్రతి కడ్డీకీ నంబరు, దాన్ని పోతపోసిన రిఫైనరీ పేరు, బరువు, స్వచ్ఛత ఉంటాయి. ఆ జాబితా మొత్తాన్ని ఫండ్ బయటపెడుతుంది. లండన్ మార్కెట్ ఒప్పుకునే కడ్డీ సుమారు 400 ఔన్సులుంటుంది, స్వచ్ఛత 99.5 శాతానికి తగ్గకూడదు. అన్ని కడ్డీల బరువూ ఒకేలా ఉండదు కాబట్టి ఏ రోజైనా కాస్త బంగారం కడ్డీ రూపంలో కాకుండా బ్యాంకు ఖాతాలో లెక్కగా మిగలవచ్చు. అది కూడా రోజు ముగిసేసరికి ఒక్క కడ్డీ బరువును, అంటే 430 ఔన్సులను, మించకూడదన్నది నియమం. స్వతంత్ర తనిఖీదారులు వచ్చి కడ్డీలను లెక్కపెట్టి వెళ్తారు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఖజానాలో బంగారం ఉన్నంత మాత్రాన షేరు ధర బంగారం ధరతో పాటే నడవాలని ఏముంది? షేరు ధరను నిర్ణయించేది మార్కెట్లో కొనేవాళ్లు, అమ్మేవాళ్లు. అందరూ ఒక్కసారిగా అమ్మితే షేరు ధర దాని వెనకున్న బంగారం విలువకన్నా కిందికి జారిపోవచ్చు. జారుతుంది కూడా. కానీ ఎక్కువసేపు ఆ కిందే ఉండిపోదు. అలా ఉండనివ్వని మనుషులు కొందరున్నారు.

వాళ్లు ఫండ్‌తో ముందుగా ఒప్పందం చేసుకున్న కొన్ని పెద్ద బ్యాంకులు, బ్రోకరేజీ సంస్థలు. వాళ్లను ఆథరైజ్డ్ పార్టిసిపెంట్లు అంటారు. మనలాంటివాళ్లు షేరును మార్కెట్లో అమ్ముకోగలరే తప్ప ఫండ్ దగ్గరికి వెళ్లి 'నా బంగారం నాకివ్వండి' అని అడగలేరు. వీళ్లు అడగగలరు. అయితే చిల్లరగా కుదరదు. లక్ష షేర్లు ఒక బాస్కెట్. బాస్కెట్ చొప్పునే ఇవ్వాలి, తీసుకోవాలి.

2013 నాటి లెక్కతోనే ఒక బాస్కెట్ ప్రయాణం చూద్దాం. అప్పటికి ఒక షేరు వెనక ఉన్నది సుమారు 0.0967 ఔన్సులు. లక్ష షేర్లకు 9,670 ఔన్సులు. అంటే 300 కిలోలు, ఇరవై నాలుగు కడ్డీలు. బంగారం ఔన్సు 1,600 డాలర్లు ఉన్న రోజని అనుకుందాం. షేరు వెనకున్న బంగారం విలువ 154 డాలర్ల 72 సెంట్లు. పొద్దున్నుంచీ అమ్మేవాళ్లే ఎక్కువ కావడంతో షేరు 154 డాలర్ల 50 సెంట్లకు దిగింది. తేడా 22 సెంట్లు. మన కంటికి అది ఆనదు. బ్యాంకు బల్ల దగ్గర కూర్చున్న వ్యాపారికి అదే బతుకు. అతను మార్కెట్లో లక్ష షేర్లు కోటీ 54 లక్షల 50 వేల డాలర్లకు కొంటాడు. అదే క్షణంలో 9,670 ఔన్సుల బంగారాన్ని లండన్ మార్కెట్లో కోటీ 54 లక్షల 72 వేలకు అమ్మడానికి బేరం ఖాయం చేసుకుంటాడు. తర్వాత షేర్లను ఫండ్‌కు అప్పగించి, కడ్డీలు తీసుకుని, బేరమాడిన చోట ఇచ్చేస్తాడు. మిగిలేది 22 వేల డాలర్లు. ఫండ్‌కు కట్టాల్సిన రెండు వేల డాలర్ల రుసుము, ఇతర ఖర్చులు పోగా చేతికొచ్చేది లాభం. బంగారం రేపు పెరుగుతుందా తగ్గుతుందా అన్నదానితో అతనికి పనిలేదు.

అతను కొన్న లక్ష షేర్లు షేరు ధరను పైకి నెట్టాయి. అమ్మిన 300 కిలోలు బంగారం ధరను కాస్త కిందికి నెట్టాయి. రెండూ మళ్లీ కలుసుకున్నాయి. షేరు ధర బంగారం విలువను దాటి పైకి వెళ్లిన రోజున ఇదే పని తలకిందులుగా జరుగుతుంది. వ్యాపారి బంగారం కొని, ఖజానాలో జమచేసి, కొత్త షేర్లు పుట్టించి అమ్ముకుంటాడు. ఈటీఎఫ్ లోహం వెంట నడవడానికి కారణం ఎవరి నిజాయితీయో, ఎవరి ఆజ్ఞో కాదు. ఈ 22 సెంట్ల కోసం కాచుకుని కూర్చున్నవాళ్లు ఒకరికి పదిమంది ఉండడమే.

ఇక్కడే నిల్వల లెక్కకున్న అసలు అర్థం దొరుకుతుంది. రోజంతా కోట్ల షేర్లు చేతులు మారినా, కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ సమానంగా ఉంటే ఖజానాలో ఒక్క గ్రాము కదలదు. ఒకవైపు ఒత్తిడి మిగిలిపోయి, దాన్ని తీర్చడానికి బంగారమే తలుపు దాటాల్సి వచ్చినప్పుడే నిల్వ మారుతుంది. కాబట్టి నిల్వలో మార్పంటే మార్కెట్లో జరిగిన వ్యాపారం మొత్తం కాదు, అందులో తీరని మిగులు. ఆ మిగులు ఎంతన్నది అభిప్రాయ సేకరణల్లో దొరకదు. ఇక్కడ మాత్రం అది తూకం వేసిన బరువుగా ఏ రోజుకా రోజు దొరుకుతుంది.

తూకంలో తప్పుదారులు

ఆ లెక్క చదవడంలో మొదటి పొరపాటు డబ్బులో చూడడం. ఒక ఫండ్ దగ్గర వెయ్యి కిలోల బంగారం ఉందనుకోండి. ధర పది శాతం పెరిగింది, అదే సమయంలో కొందరు నలభై కిలోలు వెనక్కి తీసుకుపోయారు. ఫండ్ ఆస్తుల విలువ అయిదున్నర శాతం పెరిగినట్టే కనబడుతుంది. పత్రికల్లో 'బంగారం ఈటీఎఫ్‌లకు ఆదరణ' అని వార్త వస్తుంది. నిజానికి జనం బయటికి పోయారు. 2013లో రెండూ ఒకే దిక్కుకు పోయాయి. జీఎల్‌డీ ఆస్తుల విలువ సుమారు 7,400 కోట్ల డాలర్ల నుంచి 3,100 కోట్లకు పడింది. 58 శాతం నష్టం. కానీ బరువు తగ్గింది 41 శాతమే. మిగతాది ధర పడడం వల్ల. మనుషులు ఏం చేశారో చెప్పేది బరువు ఒక్కటే. అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్లు డాలర్ల అంకెను పక్కనపెట్టి టన్నులనే చూస్తారు.

రెండో సంగతి చిన్నదే కానీ తెలియనివాళ్లను చాలాసార్లు బోల్తా కొట్టిస్తుంది. ఫండ్ నడపడానికి ఖర్చుంటుంది. జీఎల్‌డీకి ఏడాదికి 0.40 శాతం. ట్రస్టు దగ్గర బంగారం తప్ప ఇంకేమీ లేదు కాబట్టి ఆ ఖర్చుకు బంగారమే అమ్మాలి. నగల కొట్లో తరుగు కొన్న రోజునే ఒక్కసారి తీసేస్తారు. ఇక్కడ అది ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పోతుంది. పదో వంతు ఔన్సుతో మొదలైన షేరు వెనక ఇరవై ఏళ్ల తర్వాత మిగిలింది 0.092 ఔన్సుల ప్రాంతంలో. ధర పెరిగింది కాబట్టి షేరుదారులు దాన్ని పట్టించుకోలేదు. కానీ బంగారం కదలకుండా ఉన్న ఏడాదిలో షేరు నిశ్శబ్దంగా 0.40 శాతం వెనకబడుతుంది.

ఫండ్ దగ్గర 900 టన్నులున్న కాలంలో ఈ ఖర్చు నెలకు 0.3 టన్నులవుతుంది. ఒక బాస్కెట్ కూడా దాదాపు 0.3 టన్నులే. అందువల్ల ఒకరోజు నిల్వ 0.3 టన్నులు తగ్గిందని కనబడితే ఎవరో బంగారం మీద నమ్మకం పోయి వెళ్లిపోయారో, ట్రస్టు తన నెల ఖర్చు తీర్చుకుందో టన్నుల అంకె చెప్పలేదు. దాన్ని విడదీయడం కష్టమేమీ కాదు. పక్కనే ఉన్న ఇంకో అంకె చూడాలి. అది మొత్తం షేర్ల సంఖ్య. బాస్కెట్ వెనక్కి పోయి ఉంటే షేర్లు సరిగ్గా లక్ష తగ్గుతాయి. షేర్ల సంఖ్య కదలకుండా బంగారం మాత్రమే తగ్గితే అది ఖర్చు. నాకు తెలిసినంతలో ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టుకుని చూసేవాళ్లు తక్కువ. ఒక్కరోజు మార్పును పట్టుకుని వ్యాఖ్యానాలు చెప్పేవాళ్లు ఎక్కువ.

ఒక్కరోజు మార్పును నమ్మకపోవడానికి మరో కారణం కూడా ఉంది. వ్యాపారి షేర్లు కొన్న రోజుకూ, అవి ఫండ్‌కు చేరి బంగారం లెక్కలోంచి తగ్గిన రోజుకూ మధ్య ఎడం ఉంటుంది. ఈ రోజు పట్టికలో కనబడే తగ్గుదల నిన్నటిదో మొన్నటిదో అమ్మకం. ఈరోజు ధరతో దాన్ని ముడిపెట్టి కారణాలు చెబితే కథ తలకిందులవుతుంది. వారాల లెక్క, నెలల లెక్క చూస్తే ఈ గందరగోళం చాలావరకు సర్దుకుంటుంది.

వెళ్లినవాళ్లెవరు?

ఇప్పుడు 2013కు వద్దాం. డిసెంబరు శిఖరం నుంచి ఏప్రిల్ 12 నాటికే జీఎల్‌డీ 1,160 టన్నుల దగ్గరికి దిగింది. సుమారు 190 టన్నులు పోయాయి. ఆ నాలుగు నెలల్లో ధర 1,700 డాలర్ల నుంచి 1,560 దాకా మెల్లగా జారింది. తర్వాత శుక్రవారం ఏప్రిల్ 12, సోమవారం ఏప్రిల్ 15. ఆ రెండు పనిదినాల్లో బంగారం రెండొందల డాలర్లు పడిపోయింది. సోమవారం ఒక్కరోజు పతనం అప్పటికి ముప్పై ఏళ్లలో అతి పెద్దది. దాని తర్వాత నిల్వలు ఇంకా వేగంగా కరిగాయి.

ఈ వరుస చూస్తే 'నిల్వలు ముందే హెచ్చరించాయి' అనాలనిపిస్తుంది. చాలామంది అన్నారు కూడా. నేనైతే అంత దూరం వెళ్లను. ఎందుకంటే దీనికి ముందరి ఏడాదిన్నర అందుకు వ్యతిరేక సాక్ష్యం చెబుతోంది. బంగారం ధర అప్పటి శిఖరం 1,900 డాలర్ల ప్రాంతాన్ని తాకింది 2011 సెప్టెంబరులో. అప్పుడు జీఎల్‌డీ నిల్వ సుమారు 1,230 టన్నులు. తర్వాత పదిహేను నెలలు ధర ఆ ఎత్తును మళ్లీ అందుకోలేదు గానీ నిల్వ మాత్రం పెరుగుతూ పోయి 1,353కు చేరింది. ధర తిరగబడ్డాక కూడా జనం కొంటూనే ఉన్నారు. అంటే నిల్వను నమ్మి 2012 శీతాకాలంలో బంగారం కొన్నవాళ్లు సరిగ్గా ఎదురు దెబ్బ తిన్నారు. నిల్వల లెక్క ముందు జరగబోయేది చెప్పదు. ఎవరు ఎటు నిలబడి ఉన్నారో, ఎంత బరువుతో నిలబడి ఉన్నారో చెబుతుంది. 1,353 టన్నులంటే అంత బంగారాన్ని ఒక్క మౌస్ నొక్కుతో వదిలేయగలిగినవాళ్ల చేతుల్లో ఉందని అర్థం.

వాళ్లలో కొందరి పేర్లు కూడా తెలుసు. అమెరికాలో పది కోట్ల డాలర్లకు మించి షేర్లు నిర్వహించే సంస్థలు మూడు నెలలకోసారి తమ దగ్గరున్న వాటిని ప్రభుత్వ నియంత్రణ సంస్థకు చెప్పాలి. మూడు నెలలు ముగిశాక నలభై అయిదు రోజుల గడువుంటుంది. జాన్ పాల్సన్ నడిపే హెడ్జ్ ఫండ్ ఒక దశలో మూడు కోట్ల 15 లక్షల జీఎల్‌డీ షేర్లతో అందరికన్నా పెద్ద వాటాదారుగా ఉండేది. అంటే దాదాపు 95 టన్నుల బంగారం. 2013 ఏప్రిల్, జూన్ మధ్య అతని సంస్థ తన వాటాను రెండు కోట్ల 18 లక్షల షేర్ల నుంచి కోటీ రెండు లక్షలకు తగ్గించింది. బరువులో చూస్తే 35 టన్నులు. ఆ సంగతి లోకానికి తెలిసింది ఆగస్టులో. అప్పటికి బంగారం ఎప్పుడో ఖజానా దాటింది. ఎంత పోయిందన్నది మర్నాడే తెలుస్తుంది, ఎవరిది పోయిందన్నది నెలల తర్వాత తెలుస్తుంది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఖాళీలోనే పుకార్లు పుడతాయి.

మరి ఆ 555 టన్నులు ఎక్కడికి పోయాయి? బంగారం కరిగించినా మాయం కాదు. ఎవరో కొన్నారు. లండన్ నుంచి స్విట్జర్లాండుకు వెళ్లే బంగారం 2012లో ఏడాది మొత్తం మీద వంద టన్నుల్లోపే. 2013లో అది వెయ్యి టన్నులు దాటింది. స్విట్జర్లాండులో పెద్ద పెద్ద రిఫైనరీలున్నాయి. 400 ఔన్సుల లండన్ కడ్డీలను అక్కడ కరిగించి, 99.99 శాతం శుద్ధిచేసి, కిలో కడ్డీలుగా పోతపోశారు. కిలో కడ్డీ వాడేది ఆసియా మార్కెట్. హాంకాంగ్ మీదుగా చైనాలోకి ఆ ఏడాది వెయ్యి టన్నులకు పైగా బంగారం చేరింది. ఏప్రిల్‌లో ధర పడగానే మన ఊళ్లలో కూడా నగల కొట్లు కిటకిటలాడాయి. అక్షయ తృతీయ వచ్చిన మే నెలలో మన దేశం 160 టన్నులకు పైగా దిగుమతి చేసుకుంది. డాలర్లు తరలిపోతున్నాయని కంగారుపడిన ప్రభుత్వం దిగుమతి సుంకాన్ని జూన్‌లో 8 శాతానికి, ఆగస్టులో 10 శాతానికి పెంచింది. న్యూయార్క్‌లో షేర్లు అమ్మినవాళ్లకు బంగారం ఒక పెట్టుబడి. వాళ్లు వదిలింది కొన్నవాళ్లలో పెళ్లి కోసం, పండగ కోసం కొన్నవాళ్లెందరో. వాళ్లు దాన్ని మర్నాడే తిరిగి అమ్మరు. ఈటీఎఫ్ నిల్వలు చూపించింది బంగారం మీద లోకానికి విరక్తి పుట్టిందని కాదు, ఒక రకం చేతుల్లోంచి ఇంకో రకం చేతుల్లోకి అది వెళ్లిందని.

లెక్క తప్పిన రెండేళ్లు

ఆ తర్వాత చాలాకాలం ఒక సూత్రం పనిచేస్తున్నట్టే కనబడింది. నిల్వలు పెరిగితే ధర పెరుగుతుంది, తగ్గితే పడుతుంది. 2020లో కరోనా భయంతో జీఎల్‌డీ నిల్వ మళ్లీ 1,270 టన్నులు దాటింది, ధర రెండు వేల డాలర్లు దాటింది. ఆ సూత్రాన్ని నమ్ముకున్నవాళ్లు 2023లో ఖంగుతిన్నారు.

ఆ ఏడాది ప్రపంచంలోని బంగారం ఈటీఎఫ్‌లన్నింటి నుంచి కలిపి 244 టన్నులు బయటికి పోయాయి. 2024 మొదటి మూడు నెలల్లో ఇంకో 114 టన్నులు. పాత సూత్రం ప్రకారం ధర కుంగిపోవాలి. కానీ 2024 మార్చిలో బంగారం 2,200 డాలర్లు దాటి కొత్త రికార్డు రాసింది. కారణం పట్టికలో లేనివాళ్లు. 2022 నుంచి 2024 దాకా ప్రపంచ కేంద్ర బ్యాంకులు ఏటా వెయ్యి టన్నులకు పైగా కొన్నాయి. రష్యా విదేశీ నిల్వలను పాశ్చాత్య దేశాలు 2022లో స్తంభింపజేశాక, డాలర్లలో దాచుకున్నది ఎప్పుడైనా చేజారవచ్చన్న భయం చాలా దేశాలకు పట్టుకుంది. ఆ కొనుగోళ్లు ఏ ఈటీఎఫ్ ఖజానాలోకీ రావు. అమెరికాలో వడ్డీ రేట్లు పెరిగాయి కాబట్టి షేర్లు అమ్ముకుంటున్న ఫండ్ మేనేజరు ఒకవైపు, వడ్డీతో పనిలేకుండా కొంటున్న కేంద్ర బ్యాంకు ఇంకోవైపు. నిల్వల పట్టిక మొదటివాణ్ణి ఒక్కణ్ణే చూపిస్తుంది. 2025లో అతను కూడా తిరిగొచ్చాడు. ప్రపంచ ఈటీఎఫ్‌ల్లోకి ఆ ఏడాది దాదాపు 800 టన్నులు చేరాయి, ధర నాలుగు వేల డాలర్లు దాటింది. పట్టిక మళ్లీ ధరతో కలిసి నడిచింది. కానీ మధ్యలో రెండేళ్లు అది ఎందుకు విడిపోయిందో మరచిపోతే మళ్లీ మోసపోతాం.

మన ఫండ్లలో ఇంకో రెండు మెలికలు

మన దేశంలో మొదటి బంగారం ఈటీఎఫ్ గోల్డ్ బీస్. 2007లో బెంచ్‌మార్క్ అనే సంస్థ తెచ్చింది, ఇప్పుడు నిప్పన్ ఇండియా చేతిలో ఉంది. మొదట్లో ఒక యూనిట్ ఒక గ్రాముకు సమానం. 2019 డిసెంబరులో ఒక్కో యూనిట్‌ను వందగా విడదీశారు. నడిచే తీరు జీఎల్‌డీదే. అయితే అది అనుసరించేది ఉత్త లోహాన్ని కాదు, మన దేశంలోకి వచ్చిన లోహాన్ని. యూనిట్ విలువ కట్టేటప్పుడు ఏళ్ల తరబడి లండన్ డాలర్ ధర తీసుకుని, రూపాయల్లోకి మార్చి, దిగుమతి సుంకం కలిపేవారు. అంటే మన యూనిట్ విలువలో బంగారంతో పాటు డాలరు మారకం, ప్రభుత్వ నిర్ణయం కూడా కూర్చుని ఉంటాయి.

2024 జులై 23న ఇది అందరి కళ్లకూ కట్టింది. బడ్జెట్‌లో బంగారం మీద సుంకాన్ని 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించారు. లండన్‌లో చెప్పుకోదగ్గ కదలికే లేదు. మన ఫ్యూచర్స్ మార్కెట్లో పది గ్రాముల ధర ఒకే రోజులో దాదాపు నాలుగు వేల రూపాయలు పడింది. గోల్డ్ ఈటీఎఫ్ పెట్టుకున్నవాళ్ల యూనిట్ల విలువా దాంతోపాటే పడింది. ఏ ఫండ్ ఖజానాలోంచీ గ్రాము తగ్గలేదు. ఫండ్ల ఆస్తుల విలువ మాత్రం తగ్గింది. డబ్బులో చూసేవాళ్లకు అది జనం పారిపోయినట్టు కనబడుతుంది.

మ్యూచువల్ ఫండ్ల సంఘం యాంఫీ నెలనెలా ఇచ్చే లెక్కలో రెండు అంకెలుంటాయి. ఒకటి మొత్తం ఆస్తులు, రెండోది ఆ నెలలో కొత్తగా వచ్చిన నికర డబ్బు. చూడాల్సింది రెండోదాన్ని. సుంకం తగ్గిన మరుసటి నెల, ఆగస్టులో, బంగారం ఈటీఎఫ్‌ల్లోకి నికరంగా సుమారు 1,600 కోట్ల రూపాయలు వచ్చాయి. ధర పడ్డాక జనం పారిపోలేదు, ఇంకా కొన్నారు. దాన్ని బరువులోకి మార్చడం కూడా తేలికే. ఆ నెలలో గ్రాము ఏడు వేల రూపాయల ప్రాంతంలో ఉంది కాబట్టి 2.3 టన్నులు. పత్రికల్లో పెద్ద అక్షరాల్లో కనబడిన 1,600 కోట్లు బరువులోకి దించితే ఇంత.

మన ఈటీఎఫ్‌లన్నింటి దగ్గరా కలిపి 2024 చివరికి 60 టన్నుల లోపే బంగారం ఉంది. అదే ఏడాది నగలు, నాణేలు, బిస్కెట్లు కలిపి మన దేశం కొన్నది 800 టన్నులు. న్యూయార్క్‌లో ఈటీఎఫ్ పట్టిక పెద్ద పెట్టుబడిదారుల మనసు చెబుతుంది. ఇక్కడ అదే పట్టిక డీమ్యాట్ ఖాతా ఉన్న కొద్దిమంది సంగతే చెబుతుంది. మిగతా బంగారం జాడ తెలియాలంటే దిగుమతుల లెక్క, బులియన్ మార్కెట్లో మన ధర లండన్ ధరకన్నా ఎంత ఎక్కువ పలుకుతోందో ఎంత తక్కువ పలుకుతోందో చూడాలి. పెళ్లిళ్ల ముందు వ్యాపారులు లండన్ ధర మీద ప్రీమియం అడుగుతుంటే కొనేవాళ్లు నిజంగా ఉన్నారని, డిస్కౌంటు ఇస్తుంటే కొట్లు ఖాళీగా ఉన్నాయని.